ఎవరూ వినని మాట

"'అని' వచ్చిన చోటల్లా ఇంగ్లీషులో 'సేయింగ్' కొట్టెయ్యమ్మా. ఎవడూ తప్పు పట్టడు."

కోర్టులో స్టెనోగా చేరిన మొదటి వారంలో నాకు దొరికిన ఉపదేశం ఇది. చెప్పినాయన నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్ద టైపిస్టు. బుగ్గన వక్క పెట్టుకుని, కీల వైపు చూడకుండా, పక్కవాళ్ళతో కబుర్లాడుతూ పేజీలకు పేజీలు కొట్టేవాడు. ఆయన చెప్పింది వేదమని నమ్మాను. నమ్మినందుకు చాలా ఏళ్ళు లాభపడ్డాను కూడా. నా అంత వేగంగా సాక్ష్యం ఎక్కించే మనిషి ఆ చుట్టుపక్కల లేదని లాయర్లే అనేవాళ్ళు. అది విని నేను మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ కోర్టు ఏ ఊళ్ళోదో చెప్పను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడింట్లో ఏదో ఒకటనుకోండి. ఈ మూడు ఊళ్ళ మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఇల్లు హిందూపురంలో. మా నాయన సైకిలు మీద గాజుల పెట్టె కట్టుకుని పల్లెలు తిరిగేవాడు. నాకు చదువు చెప్పించి, టైపు నేర్పించి, "మా బిడ్డ జడ్జి పక్కన కూర్చుంటుంది" అని ఊరంతా చెప్పుకున్నాడు. పక్కన కాదు, కింద అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

మా ఇంట్లో ఉర్దూ. అంటే మా ఉర్దూ. అమ్మ పొద్దున్నే "పానీ ఆతా బోల్‌కే" బిందెలన్నీ కుళాయి దగ్గర వరసగా పెట్టేది. నీళ్ళొస్తాయని. నీళ్ళొస్తాయని ఎవరూ చెప్పలేదు, ఆమే అనుకుంది. కాని మా మాటలో ఆ 'బోల్‌కే' లేకుండా పని జరగదు. మడకశిర నుంచి వచ్చి మా పక్కింట్లో ఉన్నవాళ్ళు కన్నడంలో 'అంత' అనేవాళ్ళు. వాళ్ళకూ అదే తీరు. వీధిలో తెలుగువాళ్ళది 'అని'. వానొస్తుందని గొడుగు తీసుకుంటాం, చూసిపోదామని వస్తాం, మంచివాడని నమ్ముతాం, వస్తానని చెప్పి రాము, కుండ ఠప్పుమని పగిలిపోతుంది. నోటితో పలికినా, మనసులో అనుకున్నా, ఏదో పని కోసం బయలుదేరినా, ఎదుటివాడి మనసులో ఇదే ఉందని మనమే ఊహించినా, అన్నిటికీ ఆ ఒక్క మాటే. మూడు భాషలవాళ్ళం ఒకే వీధిలో ఉండి, ఏ రోజూ దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సిన అవసరం నా ఒక్కదానికే ఉండింది. ఎందుకంటే ఆ వీధిలో ఇంగ్లీషులోకి మార్చి జీతం తీసుకునేది నేనొక్కదాన్నే.

కోర్టులో పని ఇట్లా జరిగేది. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెప్తాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో నాకు చెప్తారు, నేను ఎక్కిస్తాను. చివర్న ఆ ఇంగ్లీషు కాగితాన్ని సాక్షికి మళ్ళీ తెలుగులో చదివి వినిపించాలి. "నువ్వు చెప్పింది ఇదేనా?" అని అడగాలి. ఔనంటే సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నారు, అని కింద ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్క పడ్డాక ఆ కాగితాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఒక ఏడాది కొత్తగా వచ్చిన జడ్జిగారు కోస్తా వైపు మనిషి. మంచివారే. కాని మా పల్లెల వాళ్ళ మాట ఆయన చెవికి అందేది కాదు. సాక్షి గబగబా నాలుగు ముక్కలు చెప్పగానే నా వైపు తిరిగి, "ఏమంటోందమ్మా?" అనేవారు. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. ఆయన తలూపేవారు. కొన్నాళ్ళకి అడగడం కూడా మానేశారు. ఊరికే నా వైపు చూస్తే చాలు, నేను ఎక్కించేసేదాన్ని. చదివి వినిపించేదీ నేనే. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆ రోజుల్లోనే కరెంటు తీగ కేసు వచ్చింది.

అగళి వైపు ఒక పల్లె. అక్కడ ఒక రైతు శెనక్కాయ చేను చుట్టూ ఇనుప తీగ కట్టి, దానికి కరెంటిచ్చాడు. అడవి పందుల బాధ అట్లాంటిది, ఒక్క పూటలో చేనంతా తవ్విపోస్తాయి. తప్పని తెలిసీ చాలామంది చేస్తారు. ఒకరోజు తెల్లవారుజామున, మందలోంచి తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చిన కాపరి ఆ తీగ మీద పడి చచ్చిపోయాడు. రైతుకూ కాపరికీ అంతకు ముందే పొసగదు. గొర్రెలు చేలో పడ్డాయని రెండు మూడుసార్లు గట్టు మీద అరుచుకున్నారు.

రైతు తీగ కట్టాడా లేదా అన్నది గొడవే కాదు. కట్టానని అతనే ఒప్పుకున్నాడు. తేలాల్సింది ఒక్కటే. నిర్లక్ష్యంతో చేసిన పనా, మనిషి చస్తాడని తెలిసీ చేసిన పనా? మొదటిదైతే కొద్ది నెలలో, ఏడాదో. రెండోదైతే ఏళ్ళకేళ్ళు.

చనిపోయిన కాపరి భార్య బోనెక్కింది. నలభై దాటని మనిషి. మెడ బోసిగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంటే జడ్జిగారు కొంగు తీయమన్నారు. ఏం జరిగిందో చెప్పమని ప్రభుత్వ లాయరు అడిగాడు. ఆమె ఆ తెల్లవారుజాము సంగతి చెప్పింది, మొగుణ్ణి ఎట్లా ఎత్తుకొచ్చారో చెప్పింది. తర్వాత ముద్దాయి వైపు చెయ్యి చాచి అంది.

"ఎవుడన్నా వచ్చి సస్తే సావనీలే అని తీగ ఏసినాడు సార్ వాడు!"

జడ్జిగారు నా వైపు చూశారు. నా వేళ్ళు అప్పటికే కదిలాయి. సేయింగ్. ఎవడన్నా వచ్చి చస్తే చావనీ అంటూ, ముద్దాయి తీగ వేశాడు.

ఇంగ్లీషులో సేయింగ్ అంటే సేయింగే. నోరు తెరిచి పలికినట్టు. పలికాడంటే ఎవరో విన్నట్టు. సాక్షి చెప్తోందంటే ఆమే విన్నట్టు. మన మాటలో అంత దూరం ఉండదు. కడుపు మండిన ఆడది ఆ మనిషి మనసులో ఏముందో తను చూసినట్టే చెప్పింది. అట్లా చెప్పడం మనకు మామూలే. "నువ్వు విన్నావా అమ్మా, లేక నీకు అట్లా అనిపించిందా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. జడ్జిగారు అడగలేదు, ఆయనకు మాట తెలియలేదు. లాయరు అడగలేదు, ఆయనకు అదే కావాలి. నేనెందుకు అడగలేదు? స్టెనో సాక్షిని అడక్కూడదు, నిజమే. కాని జడ్జిగారి చెవిలో ఒక మాట వేయొచ్చు. నాకు తోచనే లేదు. అదీ అసలు సంగతి.

నాకు తెలియక కాదు. అదే కేసులో చివర్న రైతును అడిగినప్పుడు, "పందులు రాకూడదని ఏసినా సార్" అన్నాడు. దానికి నేను సేయింగ్ కొట్టలేదు. పందులు రాకుండా ఆపేందుకు, అని చక్కని ఇంగ్లీషు ముక్క కొట్టాను. పందులతో ఎవరూ మాట్లాడరు కదా, అందుకని అక్కడ నా బుర్ర పనిచేసింది. మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యి పనిచేసింది.

ముద్దాయి తరఫు లాయరు ధర్మవరం నుంచి వచ్చిన పెద్దాయన. అందరూ అడిగినట్టే అడిగాడు. "ముద్దాయి అట్లా అని తీగ వేయలేదని, నువ్వు అబద్ధం చెప్తున్నావని నేనంటాను. ఏమంటావు?"

ఆమె భగ్గుమంది. "అబద్దం చెప్పేదానికి నాకేం కర్మ సార్? అట్లా అనే ఏసినాడు! సస్తే సావనీ అనే ఏసినాడు!"

ఆమె చెప్పేది, వాడి ఉద్దేశం అదే అని. కాగితం మీద పడింది మాత్రం, ముద్దాయి ఆ మాట అనలేదనడం నిజం కాదు, అని. ఒక మేకు దిగితే దాని మీద ఇంకో దెబ్బ.

తర్వాత చదివి వినిపించడం. కాగితం చేతిలో పట్టుకుని ఇంగ్లీషులోంచి తెలుగులోకి నేనే చదివాను. ఆ వాక్యం దగ్గరికి రాగానే, "ఎవడన్నా వచ్చి చస్తే చావనీ అని ముద్దాయి తీగ వేసినాడు. అంతే కదమ్మా?" అన్నాను. ఇంగ్లీషులో సేయింగ్ ఉంది. దాన్ని తెలుగు చేస్తే మళ్ళీ 'అని' తప్ప ఏమొస్తుంది? ఆమెకు వినపడింది తను చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా. "ఊఁ" అంది. వేలిముద్ర వేసింది. సిరా తుడుచుకునేందుకు గుడ్డ ఇస్తే తీసుకోకుండా చీరకే రాసుకుని దిగిపోయింది.

తప్పు పట్టుకునేందుకని పెట్టిన పద్ధతే తప్పును కప్పేసింది. అసలు ఇంకెవరైనా చదివి వినిపించినా అంతే జరిగేది. కాని ఇంకెవరో కాదు, నేను.

ముద్దాయి ఆ రోజంతా తల దించుకుని నిలబడ్డాడు. అందరూ చేసినట్టు లాయరు చెవిలో గుసగుసలాడలేదు, ఆమె వైపు చూడలేదు. చివర్న ఇంకేమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడిగితే, "ఏమీ లేదు సార్" అన్నాడు. అతని లాయరు విసుక్కోవడం నాకు గుర్తుంది.

తీర్పు వచ్చింది. చస్తారని తెలిసి, చావనీ అని పైకి అని మరీ చేసిన పని కాబట్టి, దీన్ని నిర్లక్ష్యమనడానికి లేదు. ఏడేళ్ళు. ఆ తీర్పు టైపు చేసింది కూడా నేనే. మధ్యాహ్నం భోజనం కూడా తిన్నాను.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం పగలు, మా ఇంటి గడప దగ్గర ఆమె నిలబడి ఉంది. కాపరి భార్య. కోర్టు జవాను దగ్గర అడ్రసు కనుక్కుని, బస్సులు మారి వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నేను విన్యానని రాసినారంట కదా?"

"ఏం విన్నావనీ?"

"వాడు సావనీలే అన్న్యాడని. నేను నా చెవుల్తో విన్యానని. వాళ్ళ లాయరు చెప్పినాడంట, వాని పెండ్లాం వచ్చి నన్ను నిలేసింది. నా మొగుడు నీతో ఎప్పుడన్న్యాడు, యాడన్న్యాడు అంటాది. నేను వినలేదమ్మా. ఆ పొద్దు నేను ఆడ లేనే లేను. వాడు అట్లా అనుకోనే ఏసింటాడని నేనన్యా."

ఆ క్షణంలోనే నాకంతా అర్థమైపోయింది, వేళ్ళు కీల మీద కదిలిన శబ్దంతో సహా. అర్థమైందని మొహంలో కనపడకుండా చూసుకున్నాను. ఆ విద్య కోర్టులో బాగా నేర్చుకున్నాను.

"నువ్వు చెప్పిందే రాసినాం కదమ్మా," అన్నాను. "చదివి వినిపించినాం. ఊఁ అన్నావు. వేలిముద్ర వేసినావు."

"వేసినా."

"మరి ఇప్పుడొచ్చి కాదంటే ఎట్లా? అబద్ధపు సాక్ష్యమంటారు. నీ మీదికే వస్తుంది."

ఆమె తన బొటనవేలు చూసుకుంది. తర్వాత అంది. "అయితే నేను అట్లనే చెప్పింటానామ్మా?"

అది వాదన కాదు. నిజంగా అడిగింది. చదువుకున్న మనిషి, జడ్జి దగ్గర కూర్చునే మనిషి చెప్తోంది కాబట్టి, తన నోటి మీద తనకే అనుమానం వచ్చి అడిగింది. ఇంతకంటే నీచమైన పని నేను జీవితంలో చేయలేదు. "అట్లనే చెప్పినావు," అన్నాను.

ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

జడ్జిగారికి చెప్పి ఉండొచ్చు. అప్పీలు అప్పటికి ఇంకా వేయలేదు. నేనొక అఫిడవిట్టు ఇచ్చి ఉంటే, పై కోర్టు ఆమెను మళ్ళీ పిలిపించేదేమో. ఇవ్వలేదు. ఎంక్వయిరీ అంటారని, ఇన్నేళ్ళ సర్వీసు బూడిదలో పోస్తారని, వేగంగా కొట్టే మేడమ్ పరువు పోతుందని. చూశారా, ఎన్ని 'అని'లో. ఒక్కటీ నోరు తెరిచి ఎవరితో అనలేదు. అన్నీ లోపలే అనుకున్నాను. కాని పని మాత్రం వాటి ప్రకారమే చేశాను. అప్పీలు వేశారు, పోయింది. పై కోర్టు చూసేది కాగితమే. కాగితం చాలా శుభ్రంగా ఉంది.

అప్పట్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. పొద్దున ప్యాసింజరు రైలులో కూర్చుంటే చుట్టూ అదే. ధర్మవరం పట్టు చీరల మూటలతో ఎక్కినవాళ్ళు, పెనుకొండలో దిగేవాళ్ళు, "రాడేమోనని చూస్తాండా", "అడుగుదామని పోయినా", "తిడ్తాడని చెప్పలే". ప్రతిదానికీ నా బుర్రలో వెంటనే ప్రశ్న లేచేది. ఇది పలికిందా, అనుకున్నదా? ఎవరన్నది, ఎవరు విన్నది? ఇంగ్లీషులో ఏం కొట్టాలి? రెండు గంటల ప్రయాణంలో తల పగిలిపోయేది. కోర్టులో నా వేగం తగ్గింది. సాక్షి 'అని' అనగానే ఆగిపోయి, "విన్నాడా, అనుకున్నాడా అడగండి సార్" అనేదాన్ని. కొత్త జడ్జిలు విసుక్కునేవారు. మేడమ్‌కు వయసు మీద పడిందని జవాన్లు నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ అనుకున్నాను. ఇంట్లో గిన్నెలు తోముతుంటే ఆమె గొంతు వినపడేది, అదే మాట. ఒక్కోసారి ఆమె గొంతు కాదు, నా గొంతే. అంతే కదమ్మా, అంతే కదమ్మా, అని.

రిటైరయ్యాక పోతుందనుకున్నాను. పోలేదు. చేతిలో పని లేక ఇంకా ఎక్కువైంది.

నన్ను లేపి కూర్చోబెట్టింది మా చెల్లెలు. పోయినేడు ఏదో పెళ్ళి మాటల్లో ఇద్దరికీ గొడవైంది. "నేను మీ ఇంటికి రాకూడదని నువ్వు ఫోన్ ఎత్తలేదు," అంది.

"రావద్దని నేనెప్పుడన్నాను?"

"అనాల్నా ఏమి? నాకు తెలీదా?"

నిజమే. అనలేదు. కాని సరిగ్గా అందుకే ఎత్తలేదు. నా మనసులోది అది ఎట్లా పట్టుకుందో! అప్పుడు మొదటిసారి నాకు ఆ కాపరి భార్య మీద జాలి కాకుండా, భయం లాంటిది కలిగింది. నేను ఇన్నాళ్ళూ ఆమె ఊరికే ఊహించి చెప్పిందనుకున్నాను. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. పొద్దున్నే లేచి మడకశిర బస్సెక్కాను.

ఆమెతో ఒప్పుకుందామని బయలుదేరాను. నువ్వు అట్లా చెప్పలేదు తల్లీ, నేను అట్లా రాశాను, అని. అక్కడ ఇంకో బస్సు మారి పల్లె చేరి, రచ్చ దగ్గర కూర్చున్నవాళ్ళను అడిగితే, "ఆయమ్మ పోయి ఏడాదయిందే. మీరేం కావాల?" అన్నారు. ఏం కావాలో నాకే తెలియలేదు. చుట్టమని అబద్ధం చెప్పాను. తర్వాత కాసేపు అక్కడే కూర్చుని, రైతు ఇల్లు ఎక్కడని అడిగాను.

శిక్ష పూర్తి చేసుకుని వచ్చేశాడట. ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. బక్కచిక్కిపోయాడు. కోర్టులో చూసిన మనిషికి ఈయన పెదనాయనలా ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాను. చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు మిషను కొడతా ఉన్న అమ్మా?"

"ఔను."

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని. ఆ మాట అతను అన్నాడని ఆమె చెప్పలేదని, ఆమె వినలేదని, ఆమె తన ఊహ చెప్తే నేను విన్నట్టు రాశానని, తర్వాత తెలిసీ నోరు మూసుకున్నానని. ఏడేళ్ళు నా వల్లే అని. తిడతాడని, కొడతాడని కూడా సిద్ధపడ్డాను. అతను చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పాడు.

"అయితే ఎవరూ వినలేదా?"

"వినలేదప్పా."

"ఆమె నిజంగా వినలేదా?"

"ఆమే స్వయంగా మా ఇంటికొచ్చి చెప్పింది."

అతను ఊపిరి వదిలాడు. ఎన్నేళ్ళుగానో బిగబట్టింది వదిలినట్టు. ఇంటి లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"నేను అనలేదమ్మా. అనుకున్యా."

నాకు అర్థం కాలేదు. అర్థమై, కాకూడదనుకున్నాను.

"ఆ పొద్దు సందేళ తీగ కడతాండా. ఆ ముందుదినమే వాని గొర్లు మళ్ళా చేలో పడినాయి. కడుపు మండిపోతాండాది. పందులకే కడ్తాండా, నిజమే. కానీ మనసులో వచ్చింది. ఎవుడన్నా వచ్చి సస్తే సావనీలే అని. అదే మాట. ఆమె బోన్లో చెయ్యి సాపి ఆ మాట అన్యాక నాకు గుండె నిలిచిపోయినట్లాయె. నేను పైకి అన్యానా అని. నోట్లోంచి వచ్చిందేమో, నాకే తెలీకుండా. గట్టు ఆ పక్క వాడున్యాడేమో, విన్యాడేమో, పోయి పెండ్లాంతో చెప్పినాడేమో. విని కూడా మళ్ళా ఆ తెల్లార్తో గొర్రె కోసం ఎందుకొచ్చినాడు? జైల్లో పండుకుంటే అదే. విన్యాడా, వినలేదా. వినింటే తీగ ఉండాదని తెలిసి రాడు కదా. మళ్ళా, వినకుంటే ఆమెకు ఎట్ల తెలిసె? ఏడేండ్లు అదే తిరుగుళ్ళు అమ్మా."

అందుకే ఆ రోజు ఏమీ లేదు సార్ అన్నాడు. వినపడిపోయిందనుకున్నాడు.

నాకు ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైంది. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. తప్పు రాసినా తప్పు మనిషికి శిక్ష పడలేదని, ఆమె ఊహ సరైందేనని. ఆ వెంటనే సిగ్గేసింది. అనుకున్నందుకు ఏడేళ్ళా? నేను కూడా ఎన్నో అనుకున్నాను కదా, నన్నెవరూ బోనెక్కించలేదు. పైగా అబద్ధం చెప్పి ఒక మనిషిని జైలుకు పంపానన్న బాధతోనే ఆమె పోయి ఉంటుంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. అది ఆమెకు చెప్పగలిగినవాడు ఈయనొక్కడే, ఆమెతో చెప్పాల్సిందాన్ని నేను. ఇద్దరం ఏడాది ఆలస్యం.

"ఇంట్లో చెప్పినావా?" అని అడిగాను.

"లేదమ్మా. నా పెండ్లాం నా కోసం కోర్టుల చుట్టూ తిరిగింది. నా మొగుడు అట్ల అనడని ఊరందరితో కొట్లాడింది. నేను అనలేదని మీరు ఆమెకు చెప్పండి. మీరు చెప్తే గవర్నమెంటు చెప్పినట్లు." మళ్ళీ లోపలికి చూశాడు. "అనుకున్యానని మాత్రం చెప్పొద్దండి."

లోపల్నుంచి అతని భార్య మజ్జిగ గ్లాసు తెచ్చింది. జుట్టు నెరిసింది, చేతులు గట్టివి. నేనెవరో అతనే చెప్పాడు. ఆమె మొహం ముడుచుకుంది, గ్లాసు ఇచ్చే చెయ్యి సగంలో ఆగింది. నేను చెప్పాను. మీ ఆయన ఆ మాట అనలేదు, ఎవరూ వినలేదు, తప్పు నాది.

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆయమ్మ కూడా పోయేముందు వచ్చి నా కాళ్ళు పట్టుకున్నింది. నేను వినలేదక్కా, నోటికొచ్చింది అన్యా, నీ సంసారం కూల్చినా అని ఏడ్చింది. పాపం, అట్ల ఏడ్చుకుంటానే పోయింది." గ్లాసు నా చేతిలో పెట్టింది. "నాకు మొదట్నుంచీ తెలుసమ్మా. మా ఆయప్ప అట్ల అనే మనిషి కాదు, మనసులో అనుకునే మనిషి కూడా కాదు."

అతను తల దించుకుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె నా మొహంలోకి చూస్తోంది, కాగితం మీద ఏముందో చదివి చెప్పమన్నట్టు.

"కదమ్మా?" అంది.

"ఔనమ్మా," అన్నాను.